‘స్కిన్నర్ సమీక్ష’ ఎవరు రాసిన సమీక్ష?

సందేహం: నా పిహెచ్.డి. వ్యాసంలో ‘స్కిన్నర్ సమీక్షలో చెప్పినట్టు...’ అని రాసి, పక్కన ‘చాంస్కీ 1959: 108’ అని ఇచ్చాను. మనస్తత్వవేత్త స్కిన్నర్ పుస్తకం నాకు దొరకలేదు, దాని మీద భాషాశాస్త్రవేత్త చాంస్కీ రాసిన సమీక్ష మాత్రం చదివాను. మా పర్యవేక్షకులు ఆ వాక్యం కింద గీత గీసి ‘ఈ మాట ఎవరిది?’ అని రాశారు. పుస్తకం మీద వచ్చిన సమీక్షనో, ఒక అధ్యయనం మీద వచ్చిన సంపాదకీయ వ్యాఖ్యనో ఆధారంగా చూపేటప్పుడు తెలుగు వాక్యం ఎలా ఉండాలి?
– పరిశోధక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: ముందు ఆ 108 సంగతి చూద్దాం. చాంస్కీ సమీక్ష ‘లాంగ్వేజ్’ పత్రిక 35వ సంపుటం మొదటి సంచికలో 26వ పుటలో మొదలై 58వ పుటలో ముగుస్తుంది. అందులో 108వ పుట ఉండే వీల్లేదు. ఆ అంకె 1957లో వచ్చిన స్కిన్నర్ పుస్తకం ‘వెర్బల్ బిహేవియర్’ది. పుస్తకంలోని మాటలు ఎత్తి చూపినప్పుడల్లా చాంస్కీ దాని పుటసంఖ్యను కుండలీకరణాల్లో ఇస్తూ వెళ్లారు. మీరు సమీక్షలోంచి వాక్యం తీసుకుంటూ దాని వెంట ఉన్న అంకెనూ తెచ్చుకున్నారు, పేరు మాత్రం సమీక్షకుడిది పెట్టారు. సమీక్షను చూసి పుస్తకాన్ని పేర్కొనేవారి రాతల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. పట్టుకోవడమూ తేలికే: ఇచ్చిన పుటసంఖ్య ఆ వ్యాసం మొదటి పుటకూ చివరి పుటకూ మధ్యలో ఉందో లేదో చూస్తే చాలు.

ఇక మాట ఎవరిదన్న ప్రశ్న. 108 అంకె వచ్చే చోటునే దగ్గరగా చూడండి. ఒక సంగీత రచన విని ‘మోట్సార్ట్’ అనడం, ఒక చిత్రాన్ని చూసి ‘డచ్’ అనడం స్కిన్నర్ ఇచ్చిన ఉదాహరణలు. ఆ ప్రతిస్పందనలు ఎదుట ఉన్న వస్తువులోని అతి సూక్ష్మమైన లక్షణాల అధీనంలో ఉంటాయన్నది స్కిన్నర్ వాదన. సరిగ్గా దాని తర్వాత చాంస్కీ గొంతు మొదలవుతుంది. అదే చిత్రాన్ని చూసి మనిషి ‘డచ్’ అనకుండా ‘గోడ కాగితానికి నప్పలేదు’ అనవచ్చు, ‘మరీ కిందికి తగిలించారు’ అనవచ్చు, ‘పోయిన వేసవిలో మనం వెళ్లిన యాత్ర గుర్తుందా?’ అని కూడా అనవచ్చు. వీటిలో ఏ మాట వచ్చినా, దానికి తగిన లక్షణం ఏదో చిత్రంలో ఉందని తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు, కాబట్టి ప్రతిస్పందనను పుట్టించేది అన్న అర్థంలో వాడే ‘ఉద్దీపన’ అన్న మాటకు శాస్త్రీయమైన అర్థమేమీ మిగలదు అన్నది చాంస్కీ వాదన. ఒకే పేరాలో రెండు గొంతులు ఉన్నాయి. ‘డచ్’ స్కిన్నర్‌ది, ‘మరీ కిందికి తగిలించారు’ చాంస్కీది.

ఈ పేరాను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మన వాక్యం మూడు చోట్ల జారుతుంది.

మొదటిది ‘ప్రకారం’. ‘చాంస్కీ ప్రకారం డచ్ అనే ప్రతిస్పందన చిత్రంలోని సూక్ష్మ లక్షణాల అధీనంలో ఉంటుంది’ అని రాస్తే వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, అర్థం మాత్రం తలకిందులైంది. తెలుగులో ‘ఫలానావారి ప్రకారం’ అంటే ఆ అభిప్రాయం వారిదే. చాంస్కీ ఖండించడానికి తెచ్చిన మాట ఆయన నమ్మకంగా మారిపోయింది. ఇలాంటి చోట ‘అని’ వాడండి, రెండు పొరలూ కనబడేలా వాడండి: ‘డచ్ అనే ప్రతిస్పందన చిత్రంలోని సూక్ష్మ లక్షణాల అధీనంలో ఉంటుందని స్కిన్నర్ అన్నారని చాంస్కీ చూపుతారు.’ ఒక ‘అని’ స్కిన్నర్‌కు, ఇంకొకటి చాంస్కీకి. రెండు ‘అని’లు వరసగా రావడం చెవికి బరువనిపిస్తే వాక్యాన్ని విడగొట్టండి కానీ, ఒక పొరను మింగెయ్యకండి. మాట్లాడేటప్పుడు మనం ‘అట’ చేర్చి విన్న మాటను విన్నట్టుగా వేరు చేస్తాం. శాస్త్ర రచనలో ‘ఉంటుందట’ అని రాయం కాబట్టి ఆ పని పేర్లే చెయ్యాలి.

రెండోది కర్తను వదిలేసే అలవాటు. తెలుగులో ఇది సహజం, అందం కూడా. అయితే ఇద్దరి అభిప్రాయాలు పక్కపక్కన నడుస్తున్నప్పుడు ప్రమాదం. ‘ఉద్దీపన మీదే ప్రతిస్పందన ఆధారపడుతుందని స్కిన్నర్ వాదించారు. అయితే ఈ భావనకు స్పష్టత లేదంటారు.’ ఎవరంటారు? ‘అంటారు’ గౌరవ ఏకవచనం కావచ్చు, బహువచనం కావచ్చు, ‘వానరాకడ ప్రాణంపోకడ ఎవరికీ తెలియవంటారు’ అన్నప్పటిలా లోకం మొత్తం కావచ్చు. స్కిన్నరే తన లోపాన్ని ఒప్పుకున్నారని చదివేవారూ ఉంటారు. ఇక్కడ పేరు మళ్లీ రాయడం పునరుక్తి దోషం కాదు. సమీక్ష గురించి రాసే పేరాలో గొంతు మారిన ప్రతిసారీ పేరు రావాలి.

మూడోది మీ వాక్యంలో ఉన్నదే: ‘స్కిన్నర్ సమీక్ష’. షష్ఠీ సమాసంలో ముందున్న పేరు పని చేసినవారిది కావచ్చు, పనికి గురైనవారిదీ కావచ్చు. ‘నన్నయ రచన’లో నన్నయ రాసినవాడు, ‘రావణ వధ’లో రావణుడు చచ్చినవాడు. ‘వధ’ విషయంలో కథ తెలుసు కనుక మనకు ఇబ్బంది లేదు. ‘సమీక్ష’, ‘విమర్శ’, ‘వ్యాఖ్య’, ‘ఖండన’ లాంటి మాటల దగ్గర రెండు అర్థాలూ సమానంగా నిలబడతాయి. ‘యొక్క’ చేర్చినా తేలదు. క్రియను బయటికి తియ్యండి: ‘చాంస్కీ రాసిన సమీక్ష’. విషయానికి ‘మీద’ గాని ‘పై’ గాని చేర్చండి: ‘స్కిన్నర్ పుస్తకం మీద చాంస్కీ రాసిన సమీక్ష’. నాలుగు అక్షరాలు పెరుగుతాయి, సందేహం పోతుంది.

వాక్యం కుదిరాక దేన్ని పేర్కొనాలన్నది దానంతటదే తేలుతుంది. గోడ కాగితం మాట రాస్తున్నారా, అది చాంస్కీది, సమీక్ష ఒక్కటే చాలు. ‘స్కిన్నర్ వాదనను చాంస్కీ ఇలా ఖండించారు’ అంటున్నారా, రెండూ ఉండాలి, ఎందుకంటే ఖండనకు గురైన మాట నిజంగా పుస్తకంలో ఉందో లేదో పాఠకుడు చూసుకోగలగాలి. స్కిన్నర్ సిద్ధాంతం ఏమిటో మాత్రమే చెబుతున్నారా, పుస్తకం చదివి పుస్తకాన్నే పేర్కొనాలి. దొరకలేదన్నారు. అప్పుడు దాచకుండా ‘స్కిన్నర్ 1957: 108, చాంస్కీ 1959లో ఉద్ధృతం’ అని రాసి, 1959 పక్కన మీరు చూసిన ప్రతిలో ఆ మాట ఉన్న పుటసంఖ్య ఇవ్వండి. ఆ సమీక్ష 1967లో ఒక సంకలనంలో చాంస్కీ కొత్త ముందుమాటతో మళ్లీ అచ్చయింది. అక్కడ పుటలు వేరు. సంకలనం చూసి 26–58 పుటలు ఇస్తే మళ్లీ మొదటి తప్పే అవుతుంది. చివర ఉపయుక్త గ్రంథసూచిలో మీరు చదివినదే చేరుతుంది, అంటే చాంస్కీ సమీక్షే. చూడని పుస్తకాన్ని చూసినట్టు అక్కడ చేర్చకండి.

పుస్తకం సంపాదించడానికి ఇంకో ప్రయత్నం చెయ్యమనే నా సలహా. దానికి గట్టి కారణం ఉంది. సమీక్షలో ఒక భాగం, ఆకలి, దప్పిక లాంటి అవసరాల ఒత్తిడి తగ్గడం వల్లే నేర్చుకోవడం జరుగుతుందన్న సిద్ధాంతానికి ఎదురుగా వచ్చిన ప్రయోగాలను ఏకరువు పెడుతుంది. అది చదివిన విద్యార్థి, ఆ సిద్ధాంతం స్కిన్నర్‌దేనని తేలిగ్గా అనుకుంటాడు. 1970లో మనస్తత్వవేత్త మెక్‌కార్కడేల్ ఈ సమీక్షకు జవాబు రాస్తూ తప్పుపట్టిన విషయాల్లో ఇదొకటి: స్కిన్నర్ ఆ సిద్ధాంతాన్ని చెప్పనే లేదని. ఈ వాదులాటలో మీరు ఎవరి పక్షాన ఉన్నా సరే, ‘ప్రవర్తనను బలపరిచే పునర్బలనం అంటే అవసరం తీరడమేనని స్కిన్నర్ (1957) అన్నారు’ అని సమీక్ష మాత్రమే చూసి రాస్తే, పుస్తకంలో లేని మాటను పుస్తకానికి అంటగట్టినట్టే.

గ్రంథసూచిలో పద్దు ఇలా ఉండవచ్చు: చాంస్కీ, నోమ్. 1959. బి.ఎఫ్. స్కిన్నర్ ‘వెర్బల్ బిహేవియర్’ (1957) మీద సమీక్ష. ‘లాంగ్వేజ్’ 35(1): 26–58. ఇందులో రెండు సంవత్సరాలు, రెండు పేర్లు ఉన్నాయి. పద్దు అకారాది క్రమంలో ‘చ’ కిందికి రావాలి, ‘స’ కిందికి కాదు. సమీక్షలకు చాలాసార్లు సొంత శీర్షిక ఉండదు, పైన పుస్తకం పేరే ఉంటుంది. దాంతో గ్రంథాలయ జాబితాలో వెతికినప్పుడు పుస్తకం పేరు పెద్దదిగా కనబడి, సమీక్షకుడి పేరు చివర ఎక్కడో ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చుకునేటప్పుడే పేర్లు తారుమారవుతాయి. ‘మీద సమీక్ష’ అన్న రెండు మాటలు పద్దులో తప్పనిసరి.

సంపాదకీయ వ్యాఖ్య విషయంలో చిక్కు కొంచెం వేరు. తెలుగులో ‘సంపాదకీయం’ అనగానే దినపత్రిక నాలుగో పుటలో పేరు లేకుండా వచ్చే, పత్రిక సొంత అభిప్రాయం మనసులో మెదులుతుంది. వైద్య పత్రికల్లో ఒక అధ్యయనంతో పాటు వచ్చే సంపాదకీయమో వ్యాఖ్యో చాలావరకు బయటి నిపుణులు తమ పేరుతో రాసేది. కాబట్టి ‘సంపాదకులు అన్నారు’ అనీ, ‘పత్రిక తేల్చింది’ అనీ రాయకూడదు.

‘లాన్సెట్’ 1998 ఫిబ్రవరి 28 సంచికే చూడండి. 637–641 పుటల్లో వేక్‌ఫీల్డ్, ఆయన సహరచయితలు 12 మంది పిల్లల మీద రాసిన పత్రం ఉంది. అదే సంచికలో 611–612 పుటల్లో దాని మీద చెన్, డిస్టెఫానో రాసిన వ్యాఖ్య ఉంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎమ్ఎమ్ఆర్ టీకాకూ ఆ పిల్లల్లో కనబడిన పేగు జబ్బుకూ, ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానాన్ని పత్రం లేవనెత్తింది, దాన్ని నిరూపించలేదని తానే చెప్పుకుంది; వ్యాఖ్య టీకాను అనుమానించడానికి ఆ ఆధారాలు చాలవని ఎత్తిచూపింది. ఇప్పుడు ‘లాన్సెట్ (1998) ప్రకారం’ అని వాక్యం మొదలుపెడితే ఏ గొంతు వినిపిస్తున్నట్టు? ఒకే పత్రిక, ఒకే తేదీ, ఎదురెదురు మాటలు. పత్రిక పేరును కర్తగా చెయ్యకండి. ‘వేక్‌ఫీల్డ్, తదితరులు (1998)’, ‘ఆ పత్రం మీద చెన్, డిస్టెఫానో రాసిన వ్యాఖ్య (1998)’ అని విడివిడిగా పేర్కొనండి, పుటలు విడివిడిగా ఇవ్వండి.

పైగా ఆ పత్రాన్ని 2010లో లాన్సెట్ ఉపసంహరించుకుంది. వ్యాఖ్యను కాదు. పత్రాన్ని పేర్కొనేవారు పద్దు చివర ‘ఉపసంహృతం, 2010’ అని చేర్చాలి, వ్యాఖ్యను పేర్కొనేవారు ఆ మాటను వ్యాఖ్య పక్కన పెట్టకూడదు. మీ వ్యాసంలో ఇలాంటి జంట ఎక్కడైనా ఉంటే, రెండు పద్దుల్నీ పక్కపక్కన పెట్టుకుని పేరు, పుటలు, ఉపసంహరణ మాట దేనివి దానికే ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోండి.