ముగ్గురి కోటేషన్‌లో టీడీఎస్ ఎవరిది?

"విజయవాడలో డిజైనర్‌ని. గుంటూరు మిర్చి వ్యాపారి వెబ్‌సైట్‌కి డెవలపర్, కంటెంట్ రైటర్‌తో కలిసి 1,20,000కి కోటేషన్ వేస్తున్నాం. బిల్లు నా పేరు మీదే. ముగ్గురం స్నేహితులమే, కాగితం అవసరమా?"

అవసరమే, అదీ కోటేషన్ పంపకముందే. పని వచ్చాక రాద్దాంలే అంటే అప్పటికి ఎవరి లెక్క వాళ్ల మనసులో కుదురుకుని ఉంటుంది. "సమానంగా పంచుకుందాం" అనే మాట మాత్రం దయచేసి వదిలేయండి. ముగ్గురి పనీ సమానంగా ఉండటం ఎక్కడా జరగదు.

డెవలపర్‌కి 50,000, మీకు 40,000, రైటర్‌కి 30,000 అనుకుందాం. వ్యాపారి ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కోస్తే చేతికొచ్చేది 1,08,000. గొడవ ఇక్కడే మొదలవుతుంది. వచ్చినదాన్నే పంచి వాళ్లకు 45,000, 27,000 ఇస్తే మీకు 36,000 మిగులుతుంది. కానీ కోసిన 12,000 మీ పాన్ మీదే జమవుతుంది. రిటర్ను వేసినప్పుడు ఆ లాభం మీ ఒక్కరిదే, అంటే మీ వాటా 48,000 అయినట్టు. అది వాళ్ల పాన్ మీద పన్ను వివరాల్లో కనబడదు కాబట్టి అడగాలని కూడా వాళ్లకు తట్టదు. అందుకే "వాటాలు టీడీఎస్‌కి ముందు మొత్తం మీద" అని రాయండి. అప్పుడు వాళ్లకు 80,000 ఇచ్చాక మీ చేతిలో 28,000, పాన్‌లో 12,000. కొన్నాళ్లు మీకు డబ్బుకి ఇబ్బందే, అయినా లెక్క సరి. ఆ ఇద్దరి దగ్గరా బిల్లులు తీసుకోవడం మరిచిపోకండి, లేదంటే 1,20,000 అంతా మీ ఆదాయంలాగే కనిపిస్తుంది.

చివరి విడత 24,000 ఎగ్గొడితే? "వచ్చిన ప్రతి విడతా, టీడీఎస్‌కి ముందు మొత్తం మీద 5:4:3లో, పడిన మూడు రోజుల్లో" అని ఉంటే నష్టం కూడా అదే లెక్కన 10,000, 8,000, 6,000గా పడుతుంది. ఈ వాక్యం లేకపోతే బిల్లు వేసిన మీరే మొత్తం భరించాలని వాళ్లంటారు.

కాగితంలో "లాభంలో వాటా" అని మాత్రం రాయకండి. 1932 భాగస్వామ్య చట్టం కింద భాగస్థులని తేలితే, డెవలపర్ చేసిన తప్పుకి క్లయింట్ మీ దగ్గరా వసూలు చేయొచ్చు. ఎవరి పనికి ఎంతో అంకె వేసి, ఇది భాగస్వామ్యం కాదని రాసుకోండి. ఆ మాట ఒక్కటే కాపాడదు, నడవడిక కూడా అలాగే ఉండాలి.

ఇక బాధ్యతలు. "రైటర్: మేటర్" అని రాస్తే రాయనట్టే. "8 పేజీల తెలుగు మేటర్, యూనికోడ్‌లో, అడ్వాన్స్ పడిన 10వ రోజుకి, రెండుసార్ల మార్పులతో కలిపి, క్లయింట్ సరేనని మెయిల్ పెడితేనే అయినట్టు" అనండి. యూనికోడ్ అన్న మాట ఎందుకంటే, మన డీటీపీ సెంటర్ల అలవాటు యూనికోడ్ కాని అనూ ఫాంట్లు. ఆ ఫైలు వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు చెదురుతాయి. సరిదిద్దే రెండు రోజులు ఎవరి ఖాతాలోవో ముందే రాసి ఉంటే డెవలపర్, రైటర్ మీ ఇంటికొచ్చి పంచాయితీ పెట్టరు.