పెట్టెలు కనిపిస్తే తప్పు కీబోర్డుది కాదు

"మా అమ్మాయి డల్లాస్ నుంచి పంపే మెసేజ్‌లలో కొన్ని ఎమోజీలకు బదులు ఖాళీ పెట్టెలు వస్తున్నాయి. ఎమోజీ కీబోర్డు యాప్ వేసుకుంటే సరిపోతుందా?"
– ఒక పాఠకురాలు, తెనాలి

వద్దండీ. కీబోర్డు మీరు టైప్ చేయడానికి మాత్రమే. వచ్చినదాన్ని చూపించేది ఫోన్‌లోని ఫాంట్.

ఈ చిక్కు ఎమోజీల తొలినాళ్ల నుంచీ ఉంది. 1999లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో అనే ఫోన్ కంపెనీ ఐ-మోడ్ మొబైల్ ఇంటర్నెట్ సేవ కోసం షిగెతాకా కురితా 176 బొమ్మలు తయారు చేయించారు. ఎండ, వాన, గుండె, రైలు, ఒక్కోటీ 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తు. మెయిల్‌లో ప్రయాణించేది బొమ్మ కాదు, దాని నంబరు మాత్రమే. బొమ్మ అందుకునే ఫోన్‌లోనే ఉండేది. పోటీ కంపెనీలు తమ బొమ్మలకు వేరే నంబర్లు పెట్టుకున్నాయి. దాంతో ఒక నెట్‌వర్క్ నుంచి పంపిన గుండె ఇంకో నెట్‌వర్క్‌లో రెండు మందపాటి అడ్డగీతలుగా తేలేది.

అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్, 2010 అక్టోబరులో తన 6.0 వెర్షన్‌తో ఈ బొమ్మలకు ఉమ్మడి నంబర్లు ఇచ్చింది. పడీపడీ నవ్వే ముఖం ఎక్కడైనా U+1F602 అయింది. ఎమోజీ జపాన్ దాటి అన్ని ఫోన్లకూ పాకడానికి అసలు దారి వేసింది ఇదే. కానీ నంబరే ఉమ్మడి, బొమ్మ గీసే పని ఇప్పటికీ ఎవరి ఫోన్‌ది వారిదే. కొత్త నంబర్లు ఏటా వస్తుంటే మీ ఫోన్ ఫాంట్ పాతచోటే ఆగిపోయింది, అందుకే ఆ పెట్టె. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయికి బదులు అమ్మాయి, ల్యాప్‌టాప్ విడివిడిగా కనిపిస్తే కారణం వేరు. రెంటినీ కలిపే U+200D అనే కనపడని గుర్తు ఉన్నా, ఆ జంటకు బొమ్మ మీ ఫాంట్‌లో లేదన్నమాట.

ముందు మెసేజ్ యాప్ అప్‌డేట్ చేయండి, కొన్ని యాప్‌లు సొంత బొమ్మలు మోసుకొస్తాయి. తర్వాత ఫోన్ సాఫ్ట్‌వేర్ చూడండి. చవక ఫోన్లకు రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేయడం నాకు అస్సలు నచ్చని పని. బొమ్మలు పోతే పోనీ, భద్రతా ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి.

నాకు అసలు టెన్షన్ ఆ ఉచిత కీబోర్డు యాప్‌లతోనే. కీబోర్డుగా ఆన్ చేశాక మీరు కొట్టే ప్రతి అక్షరమూ దాని గుండానే వెళ్తుంది: పాస్‌వర్డ్, కార్డు నంబరు, అమ్మాయితో మాటలు. ఆన్ చేసేటప్పుడు ఫోనే ఆ హెచ్చరిక చూపిస్తుంది, మనం చదవకుండా ఓకే నొక్కేస్తాం. ఈపాటికే వేసుకుని ఉంటే సెట్టింగ్స్‌లోని కీబోర్డుల జాబితాలో దాన్ని ఆపి, యాప్‌ను తీసేయండి. ఆ కీబోర్డుతో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, బ్యాంకుదే మొదట.