లెక్క వస్తుంది, ధర దగ్గర తడబడతారు

ప్రశ్న: మా ఇంటర్ పిల్లలు డిమాండ్ వ్యాకోచత్వం సూత్రం గడగడా చెబుతారు, లెక్కా చేసేస్తారు. "మరి ధర పెంచాలా వద్దా?" అంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. ఎక్కడ తేడా వస్తోంది? ఏం అడిగితే అర్థమైందో లేదో తెలుస్తుంది?

జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పిన మొదటి రెండేళ్లూ తప్పు నా దగ్గరే ఉంది. ధర మారినా కొనేది పెద్దగా మారదు కాబట్టి ఉప్పుకు అవ్యాకోచ డిమాండ్, బాగా మారుతుంది కాబట్టి ఏసీకి వ్యాకోచ డిమాండ్ అని పట్టిక గీసి రాయించేవాణ్ణి. దాంతో అది వస్తువుకు పుట్టుకతో వచ్చే గుణమని పిల్లలు అనేసుకున్నారు, ఉప్పు తెల్లగా ఉంటుందన్నట్టు. నిజానికి వస్తువు ఒకటే అయినా ఏ ధర దగ్గర నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి వ్యాకోచత్వం మారిపోతుంది.

పట్టిక మానేసి దోశల లెక్క మొదలుపెట్టాను. అంకెలు నేను కల్పించినవే. ఒక టిఫిన్ సెంటర్లో దోశ 20 రూపాయలైతే రోజుకు 160 పోతాయి. ధర రూపాయి పెరిగినప్పుడల్లా రెండు దోశలు తగ్గుతాయి. అలా 80 రూపాయల దగ్గరికొస్తే 40 దోశలే పోతాయి. రెండు ధరల దగ్గరా గల్లాపెట్టెలో పడేది 3,200 రూపాయలే. ఇప్పుడు నా ప్రశ్న: రెండు చోట్లా ధర పది శాతం పెంచితే ఏమవుతుంది?

క్లాసులో ముప్పావు వంతు మంది "రెండు చోట్లా ఒకటే సార్, రూపాయికి రెండు దోశలే కదా తగ్గేది" అంటారు. దొరికిపోయేది అక్కడే. వాళ్లు చూస్తున్నది డిమాండ్ రేఖ వాలుని, అంటే రూపాయికి ఎన్ని దోశలు తగ్గుతాయన్నది. వ్యాకోచత్వం శాతాల మధ్య పోలిక: అమ్మకం మారిన శాతాన్ని ధర మారిన శాతంతో భాగిస్తాం. 20 రూపాయల దోశ 22 అయితే 160లో నాలుగు తగ్గుతాయి, అంటే రెండున్నర శాతం. పదికి రెండున్నర, వ్యాకోచత్వం 0.25. గల్లా 3,432కి పెరుగుతుంది. అదే 80 రూపాయల దోశ 88 అయితే 40లో పదహారు పోతాయి, అంటే 40 శాతం. వ్యాకోచత్వం 4. గల్లా 2,112కి పడిపోతుంది. వాలు మారలేదు, ఫలితం మాత్రం తలకిందులైంది. 50 రూపాయల దగ్గర వ్యాకోచత్వం సరిగ్గా 1, గల్లా 5,000. ఈ రేఖ మీద అంతకు మించి రాదు.

ఇదంతా వచ్చిన డబ్బు గురించే. లాభం వేరే లెక్క. దోశలు తగ్గితే పిండి, నూనె, గ్యాస్ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి గల్లా పడినంత మాత్రాన నష్టం వచ్చిందని చెప్పలేం. ఈ మాట నేను చెప్పకముందే అడిగిన పిల్లలున్నారు. వాళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదు.

రెండో ప్రశ్న కాస్త దొంగ ప్రశ్న. చలికాలంలో నిమ్మకాయ మూడు రూపాయలున్నప్పుడు బండి మీద రోజుకు 200 అమ్ముడయ్యాయి. ఎండాకాలంలో ఆరు రూపాయలైతే 300 అమ్ముడయ్యాయి. వ్యాకోచత్వం ఎంత? సూత్రం బట్టీ పట్టినవాళ్లు యాభైని వందతో భాగించి 0.5 అని రాసి, కింద "అవ్యాకోచం" అని గీత కూడా గీస్తారు. అసలు ఈ రెండు అంకెలతో ఆ లెక్క చేయకూడదు. ఎండలకు డిమాండ్ రేఖే కుడివైపుకు జరిగింది. ఒక అంకె పాత రేఖ మీదిది, ఇంకోటి కొత్త రేఖ మీదిది. మిగతావన్నీ అలాగే ఉండి ధర ఒక్కటే మారితేనే సూత్రం పనికొస్తుంది. పెన్ను పక్కన పెట్టి "ఇది కుదరదు సార్" అన్నవాడికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

మూడోది టమాటా. ఊళ్లో అందరికీ పంట 20 శాతం ఎక్కువొచ్చింది, మార్కెట్లో ధర సగానికి పడింది. నిరుడు వంద బాక్సులు, ఒక్కోటి 400 చొప్పున అమ్మిన రైతుకు 40,000 వచ్చాయి. ఈసారి 120 బాక్సులు 200 చొప్పున పోతే 24,000 వచ్చాయి. ఎందుకో చాలామంది చెప్పేస్తారు: టమాటాకు డిమాండ్ అవ్యాకోచం, చవకైందని ఎవరూ రెట్టింపు తినరు. వెంటనే ఇంకోటి అడుగుతాను: "డిమాండ్ అవ్యాకోచమైతే ధర పెంచినవాడికి లాభమే కదా, మరి ఆ రైతు బాక్సుకు 250 ఎందుకు అడగడు?"

ఇక్కడ మంచి ర్యాంకు పిల్లలు కూడా ఆగిపోతారు. ఒక ఏడాది మదనపల్లె వైపు నుంచి వచ్చిన అబ్బాయి, లెక్కల్లో అంతంత మాత్రమే, వెనక బెంచీ నుంచి అన్నాడు: "అడిగితే పక్క లాటు కొనుక్కుని పోతారు సార్." మొత్తం టమాటాకు ఉన్న డిమాండ్ వేరు, ఒక్క రైతు సరుకుకు ఉన్న డిమాండ్ వేరని ఆ పిల్లాడికి ఏ పట్టికా నేర్పలేదు. అప్పట్నుంచి వ్యాకోచత్వం గురించి ఏం అడిగినా ముందు "ఎవరి సరుకుకు?" అని ఎదురు అడగమంటున్నాను.