మొదటి రోజే 0.8 వోల్ట్ వచ్చిందంటే అది బ్యాక్టీరియా పని కాదు

ప్రశ్న: మట్టితో మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ చేశాం, మొదటి రోజే 0.8 వోల్ట్ వచ్చింది, ఇప్పుడు రోజురోజుకీ పడిపోతోంది. బ్యాక్టీరియా చచ్చిపోతున్నాయా?

చచ్చిపోవడం కాదండీ, అవి ఇంకా పని మొదలెట్టి ఉండవు. ముందు మీ ఆనోడ్‌కి ఏ వైరు కట్టారో చూడండి.

మా జూనియర్స్ బ్యాచ్‌కి అచ్చం ఇదే జరిగింది. గ్రాఫైట్ రాడ్‌కి జింక్ పూత ఉండే జీఐ వైరు చుట్టి బురదలో పాతారు, మీటర్ పెట్టగానే 0.9 చూపించింది, అందరూ ఒకటే సంబరం. నాకు మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది, ఎందుకంటే బ్యాక్టీరియా ఎలక్ట్రోడ్ మీద పొరలా పెరిగి ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి కొన్ని రోజులు పడుతుంది, గంటలో అయ్యే పని కాదది. అదే బురదని బ్యాక్టీరియా చచ్చేలా బాగా ఉడికించి, చల్లార్చి, అదే వైరుతో ఇంకో డబ్బా పెట్టించాను. దాంట్లోనూ దాదాపు అంతే వోల్టేజ్! తర్వాత ఆనోడ్ బయటికి తీస్తే వైరు మీద తెల్లటి పొడి, కొన్నిచోట్ల జింక్ పూత పోయి కింద తుప్పు కనబడుతోంది. అంటే అన్ని రోజులూ వాళ్లు కొలిచింది జింక్ కరగడాన్ని.

మళ్లీ కట్టించాం. రెండువైపులా కార్బన్ ఫెల్ట్, స్టెయిన్‌లెస్ స్టీల్ వైరు, జాయింట్ మొత్తం ఎపాక్సీతో మూసేసి, ఆనోడ్ బురద అడుగున, కాథోడ్ పైన నీళ్లలో గాలి తగిలేలా. మధ్యలో 1000 ఓమ్స్ రెసిస్టర్ ఎప్పుడూ కలిపే ఉంచి, దాని మీదే రోజూ ఒకే టైమ్‌కి రీడింగ్. మొదట్లో కొన్ని మిల్లీవోల్టులే, గైడ్ గారు "ఇది పనిచేయట్లేదు, మునుపటిదే నయం" అన్నారు కూడా. వారం దాటాక మెల్లగా ఎక్కి 0.25 దగ్గర నిలబడింది. ఉడికించిన మట్టి డబ్బా మాత్రం అడుగునే ఉండిపోయింది. గ్రాఫ్‌లో ఆ రెండు గీతల మధ్య తేడానే అసలు ప్రాజెక్ట్.

రెసిస్టర్ లేకుండా కొలిచి పోస్టర్ మీద పెద్ద నంబర్ వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మల్టీమీటర్ కరెంట్ దాదాపు తీసుకోదు కాబట్టి వోల్టేజ్ ఎక్కువే చూపిస్తుంది, అందులో సెల్ ఎంత ఇవ్వగలదో ఏమీ తెలీదు. 0.25 వోల్ట్‌ని 1000 ఓమ్స్‌తో భాగిస్తే 0.25 మిల్లీ ఆంప్, పవర్ అరవై మైక్రోవాట్ల చిల్లర, అంతే. దాంతో నేరుగా ఎల్‌ఈడీ వెలగదు, ఎర్రదానికే సుమారు 1.8 వోల్ట్ కావాలి.

మీరు కూడా వైరు మార్చి, ఉడికించిన మట్టి డబ్బా ఒకటి పక్కన పెట్టి మళ్లీ మొదలెట్టండి. అప్పుడు కూడా మధ్యలో పడిపోతే ముందు పైన నీళ్లు ఆరిపోయాయేమో చూడండి, నీళ్లు తగ్గితే కాథోడ్ ఎండిపోతుంది, బురదలోకి గాలి దిగి ఆనోడ్ దాకా ఆక్సిజన్ పోతుంది. నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు ఆగితే మామూలుగా మళ్లీ ఎక్కుతుంది.