లోగో ఫైల్ ప్రింటింగ్‌కి వెళ్లే ముందు

బుజ్జీ,

నువ్వు షాపులకి లోగోలు, ఇన్‌స్టా పోస్టులు చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, ఎందుకంటే డాబాగార్డెన్స్‌లో ఫ్లెక్స్ షాపు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఇలాంటి పిల్లలు తెచ్చే ఫైళ్లన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి.

పోస్టులకి కాన్వా ఫ్రీది చాలు. లోగో దగ్గరే గొడవ.

ఆమధ్య ఒక కుర్రాడు స్వీట్ షాపుకి లోగో చేశాడు. ఫోన్‌లో ముద్దుగా ఉంది. ఓనరు దాన్నే పది అడుగుల బోర్డు మీదకి ఎక్కించమన్నాడు. ఫైలేమో 1080 పిక్సెళ్ల పీఎన్‌జీ. పది అడుగులంటే 120 అంగుళాలు కదా, అంగుళానికి తొమ్మిది చుక్కలే వస్తాయి, అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించాయి. పోనీ పీడీఎఫ్ ఇవ్వమంటే ఇచ్చాడు, మా కంప్యూటర్‌లో తెరిస్తే 'స్వీట్స్' ఒత్తులు ఊడి పక్కకి పడ్డాయి. పైగా అందులో లడ్డూ కాన్వా టెంప్లేట్‌లోది, గాజువాకలో ఇంకో షాపు బోర్డు మీద అచ్చం అదే లడ్డూ. ఓనరు అందరి ముందూ అరిచాడు. ఆ పిల్లాడు మిగతా డబ్బుల కోసం మళ్లీ రాలేదమ్మా, అదే నాకు బాధ.

అందుకని లోగో మాత్రం ఇంక్‌స్కేప్‌లో గియ్యి, అదీ ఫ్రీయే. అందులో గీసింది గీతలుగానే ఉంటుంది కాబట్టి ఎంత పెంచినా చెదరదు. తెలుగుకి రామభద్ర, మండలి లాంటి గూగుల్ ఫాంట్లు వాడు. అంతా అయ్యాక పేరు సెలెక్ట్ చేసి Path మెనూలో Object to Path నొక్కితే అక్షరాలు బొమ్మలైపోతాయి, ఇంక ఏ సిస్టమ్‌లోనూ ఒత్తు ఊడదు. కానీ తర్వాత స్పెల్లింగ్ దిద్దలేవు, ముందే ఇంకో కాపీ దాచుకో. ఎస్‌వీజీ, పీడీఎఫ్ రెండూ ఇవ్వు. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఓనరుకి చూపించేముందు ఒకసారి డీపీ అంత చిన్నది చేసి చూడు, ఒక్క నలుపు రంగులోనూ చూడు, రేపు బిల్లు బుక్కు మీద రబ్బరు స్టాంపు కూడా దాంతోనే కొట్టుకుంటారు.

మొదటి కస్టమర్ కోసం జగదాంబ దాకా తిరగక్కర్లేదు. మీ ఎంవీపీ కాలనీలో మీరు రోజూ కూర తెచ్చుకునే కర్రీ పాయింటాయన స్టేటస్‌లో ఏం పెడుతున్నాడో చూడు. చేత్తో రాసిన కాగితం ఫొటో పెడుతుంటే, 'ఈరోజు కూరలు' అని 1080 బై 1920లో ఒకటి చేసి, కూరల పేర్లు మాత్రం రోజూ మార్చేలా పెట్టి, ఉదయం వంట మొదలవకముందే చూపించు. లోగో మాట మొదట ఎత్తకు. ఆ ఒక్కటీ ఊరికే ఇవ్వు, రెండోదానికి నెల లెక్క మాట్లాడు, సగం అడ్వాన్స్, మార్పులు రెండుసార్లే అని వాట్సాప్‌లో రాసి పెట్టు. మొహమాటపడ్డావో, వాళ్లబ్బాయి పుట్టినరోజు ఫ్లెక్సు కూడా ఊరికే చేయించుకుంటారు.

ఆయన అడ్వాన్స్ ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. వద్దులే, నువ్వే మాట్లాడు.

మీ మావయ్య