డేటా ప్రైవసీ ఆడిట్‌లో చేరితే రోజంతా ఏం చేయాలి?

*మా అమ్మాయి ఈ ఏడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. సిరిపురంలో ఒక ఆడిట్ ఆఫీసు వాళ్లు 'డేటా ప్రైవసీ ఆడిట్' ట్రైనీగా రమ్మంటున్నారు. తనకు ట్యాలీ, ఎక్సెల్ వచ్చు, కోడింగ్ రాదు. అసలు అక్కడ చేసే పని ఏమిటి? నాలుగు కాలాలు నిలిచే లైనేనా? ముందుగా ఏదైనా సర్టిఫికెట్ కోర్సు చేయించమంటారా? – ఒక తండ్రి, గాజువాక*

కోడింగ్ గురించి బెంగ వద్దండి. కస్టమర్ల వివరాలను షాపులు, కంపెనీలు చట్టం ప్రకారమే వాడుతున్నాయా అని వెళ్లి చూడటమే ఈ పని. షాపువాళ్లు 'మా దగ్గర అన్నీ సరిగ్గానే ఉన్నాయి' అంటే, 'ఏదీ, చూపించండి' అని నొప్పించకుండా అడగగలిగితే చాలు. అది రాకపోతే ఎన్ని సర్టిఫికెట్లున్నా ఈ పనిలో ఇమడలేరు.

వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. ఇప్పుడు ఆడిట్ ఆఫీసులు చేస్తున్నది ఎక్కువగా ఆ గడువులోపు వ్యాపారం సిద్ధంగా ఉందా లేదా అని చూసే పని. మీ అమ్మాయిని పిలుస్తున్నదీ బహుశా ఇందుకే.

పని ఎలా ఉంటుందో ఒక ఊహించిన ఉదాహరణతో చెబుతాను. ద్వారకానగర్, గాజువాక, ఎంవీపీ కాలనీ, అనకాపల్లిలో నాలుగు బ్రాంచీలున్న కళ్లజోళ్ల షాపు అనుకోండి. కౌంటర్‌లో పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు, కంటి పవర్ రాసుకుంటారు. జోడు తయారయ్యాక కబురు చేస్తారు. పండగ వచ్చిందంటే అందరికీ ఆఫర్ మెసేజ్‌లు పంపిస్తారు.

కొత్తవాళ్లు చాలామంది ముందు షాపు ప్రైవసీ పాలసీ తెచ్చి చదువుతూ కూర్చుంటారు. అది చివర చదివినా నష్టం లేదు. మొదలుపెట్టాల్సింది రెండో కొస నుంచి. కిందటి దసరాకి ఆఫర్ మెసేజ్ ఏయే నంబర్లకు వెళ్లిందో ఆ జాబితా, మెసేజ్‌లు పంపే ఏజెన్సీ దగ్గర్నుంచే అడిగి తెప్పించుకోవాలి. షాపువాళ్లు ఇచ్చే జాబితా కొంచెం శుభ్రం చేసి ఇచ్చినదై ఉండొచ్చు. అందులో ఓ 40 నంబర్లు తీసి, ఒక్కో నంబరుకూ 'ఈ మనిషి ఆఫర్లు పంపమని ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలు చదివి ఒప్పుకున్నారు' అని వెనక్కి వెతకాలి. ఒప్పుకున్నారని వివాదం వచ్చినప్పుడు నిరూపించుకునే భారం చట్టం వ్యాపారి మీదే పెట్టింది. కస్టమర్ ఒప్పుకోలేదని రుజువు చేయనక్కర్లేదు.

షాపు సాఫ్ట్‌వేర్‌లో కన్సెంట్ అనే కాలమ్ ఉంటుంది, అన్ని వరుసల్లోనూ Y అని ఉంటుంది. అక్కడే మేనేజరు గారు 'చూశారుగా' అంటారు. పక్కనే తేదీ, సమయం ఉన్న కాలమ్ ఎక్సెల్‌లోకి తెచ్చుకుని, ఆ కాలమ్ H అయితే, ఇలా ఒక ఫార్ములా వేసి కిందిదాకా లాగితే కథ బయటపడుతుంది.

```
=COUNTIF(H:H,H2)
```

ఇది ఒక్కో వరుసలోని సమయం మొత్తం జాబితాలో ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఒకటీ రెండూ వస్తే మామూలే. వేలల్లో వచ్చిందంటే, అన్ని వేలమంది ఒకే నిమిషంలో కౌంటర్ దగ్గర నిలబడి ఒప్పుకున్నారని అర్థం! అసలు జరిగేది ఏమిటంటే, పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారిన రాత్రి, ఖాళీగా ఉన్న ఆ కాలమ్‌ని Y తో నింపేస్తారు. అది ఎవరో ఇచ్చిన ఒప్పుకోలు కాదు, డేటా ఎక్కించినవాడి సౌకర్యం.

ఇక కాగితాలు. 40 మందిలో తొమ్మిది మందికి ఫారం దొరికింది, ఆఫర్ల గడిలో పెన్నుతో టిక్ ఉంది. పన్నెండు మంది ఫారాల మీద టిక్ ప్రెస్సులోనే అచ్చయి వచ్చింది. స్పష్టంగా తమ చేత్తో తెలిపిన అంగీకారమే చెల్లుతుంది గనుక అది లెక్కలోకి రాదు. మిగిలిన పంతొమ్మిది మందికి ఏమీ లేదు. 'జోడు రెడీ అయ్యాక ఫోన్ చేయమని వాళ్లే నంబరు ఇచ్చారండీ' అంటారు. నిజమే, దానికి వేరే అంగీకారం అక్కర్లేదు. మందుల షాపులో రసీదు మెసేజ్‌గా పంపమని నంబరు ఇచ్చిన ఉదాహరణ చట్టంలోనే ఉంది. ఏ పని కోసం ఇచ్చారో ఆ పని వరకే. జోడు కోసం ఇచ్చిన నంబరుకి దసరా ఆఫర్ పంపడం వేరే పని.

అదే జాబితాలో పుట్టినతేదీల మీద ఒక కన్ను వేయాలి. కళ్లజోళ్ల షాపుకి బడిపిల్లలు బోలెడుమంది వస్తారు. 18 ఏళ్ల లోపు వాళ్ల డేటాకి అమ్మానాన్నల అంగీకారం సరిచూసుకుని తీసుకోవాలి. పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు పంపకూడదు. ఎనిమిదో తరగతి పిల్ల పేరు మీద 'హ్యాపీ బర్త్‌డే, ఫ్రేమ్ మీద 20 శాతం తగ్గింపు' అని మెసేజ్ వెళ్లి ఉంటే, రిపోర్టులో అది మొదటి పేజీలోకి రావాల్సిన విషయం. నంబరు తండ్రిది కదా అని సరిపెట్టుకోవడం నాకైతే నచ్చదు. రికార్డు ఎవరిదన్నదే చూడాలి.

ఒప్పుకోవడం ఎంత తేలికో, వద్దనుకోవడమూ అంతే తేలిగ్గా ఉండాలి. ఇది కాగితం చూసి తేల్చలేం. ట్రైనీయే షాపుకి మామూలు కస్టమర్‌లా వెళ్లి, లెన్స్ తుడిచే లిక్విడ్ ఒకటి కొని, ఆఫర్లకు ఒప్పుకుని, రెండు రోజులాగి STOP అని పంపాలి. ప్రతి మెట్టు దగ్గరా సమయం రాసుకుని స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. నాలుగు వారాలు గమనిస్తే తరచు తేలేది ఒకటుంది. ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి, వాట్సాప్‌లో మాత్రం వస్తూనే ఉంటాయి. రెండిటికీ వేర్వేరు ఏజెన్సీలు, ఒకరికి చెప్పిన 'వద్దు' రెండోవారికి చేరలేదు. తప్పు ఏజెన్సీదని తోసేయడానికి లేదు, ఆ ఏజెన్సీ చేసిన పనికీ షాపే జవాబుదారు.

డేటా ఎన్నాళ్లు ఉంచుకోవాలన్న పట్టిక దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. చాలా షాపుల్లో 'అన్నీ ఎనిమిదేళ్లు' అని ఒకే గీత గీసేస్తారు. అలా కుదరదు, ఒక్కో వివరానికి ఒక్కో కారణం ఉండాలి. బిల్లునే తీసుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2025-26 బిల్లులకు రిటర్న్ గడువు 2026 డిసెంబరు 31, అక్కణ్నుంచి ఆరేళ్లు లెక్కేస్తే 2032 డిసెంబరు 31 దాకా. కానీ ఆ కారణం బిల్లుకే. దానితోపాటు పెళ్లిరోజు, పుట్టినరోజు కూడా 2032 దాకా దాచుకోవడానికి జీఎస్టీ ఏం సాయపడదు. అలాగని అన్నీ హడావుడిగా చెరిపేయడమూ తప్పే. డేటాను ఎవరు చూశారు, ఏం చేశారన్న లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలని నిబంధనల్లో ఉంది.

చెరిపేశామన్న మాటని కూడా పరీక్షించాలి. తొలగించినట్టు రాసిన కస్టమర్లలో ఓ పదిమందిని తీసుకుని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, మెసేజ్ ఏజెన్సీ దగ్గర, లెన్సులు కోసే ల్యాబ్ ఆర్డర్లలో వెతకాలి. బ్రాంచి మేనేజరు డెస్క్‌టాప్ మీద 'final list new 2' అని సేవ్ అయి ఉన్న ఎక్సెల్ ఫైల్లో కూడా. నా మాట నమ్మండి, దొరికేది ఆ చివరిదాంట్లోనే.

ఇక డేటా బయటికి పోయినప్పటి సంగతి. 'మా దగ్గర ఇంతవరకు ఒక్క సంఘటన కూడా జరగలేదండీ' అని ఖాళీ రిజిస్టర్ చూపిస్తారు. నాలుగు బ్రాంచీలు, అంతమంది సిబ్బంది ఉన్నచోట ఖాళీ రిజిస్టర్ అంటే ఏమీ జరగలేదని కాదు, రాసే అలవాటు లేదని. కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు కొన్న బిల్లులు తిరగేస్తే, పోయిన దాని బదులు కొన్నవి కనిపిస్తాయి. పోలీసులకిచ్చిన ఫిర్యాదు కాపీలు, సిబ్బంది మానేసిన తేదీలు కూడా చూడాలి.

అలా ఒక ట్యాబ్ సంగతి తెలిసిందనుకుందాం. ఎంవీపీ కాలనీ బ్రాంచిలో శనివారం రాత్రి 8 గంటలకు ట్యాబ్ పోయినట్టు మేనేజరుకి తెలిసింది. దానికి లాక్ లేదు, కస్టమర్ల వివరాలన్నీ తెరిచే ఉన్నాయి. హెడాఫీసుకి సోమవారం ఉదయం 11 గంటలకు చెప్పాడు. సంగతి తెలియగానే ఆలస్యం లేకుండా, ఈ చట్టం అమలును చూసే డేటా ప్రొటెక్షన్ బోర్డుకీ, ఎవరి వివరాలు పోయాయో వాళ్లకీ చెప్పాలి, తెలిసిన 72 గంటల్లోగా బోర్డుకి పూర్తి వివరాలివ్వాలి. చిన్న నష్టమైతే చెప్పక్కర్లేదన్న మినహాయింపు మన చట్టంలో లేదు. మరి గడియారం ఎప్పుడు మొదలైనట్టు? మేనేజరుకి తెలిసినప్పుడైతే మంగళవారం రాత్రి 8కి గడువు తీరింది. హెడాఫీసుకి తెలిసినప్పుడైతే గురువారం ఉదయం 11కి. షాపువాళ్లు రెండోది పట్టుకుంటారు. ఆడిటర్ రెండు సమయాలూ రిపోర్టులో రాసి, ఈ మధ్యనున్న 39 గంటలే అసలు లోపమని చెప్పాలి. బ్రాంచిలో వాళ్లకు ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. సంఘటన చెప్పకుండా దాచినందుకు జరిమానా గరిష్ఠంగా 200 కోట్ల దాకా ఉంది. నాలుగు బ్రాంచీల షాపుకి అంత వేస్తారని కాదు, ఓనరు గారు రిపోర్టు చదవడానికి మాత్రం ఆ అంకె పనికొస్తుంది.

నిలిచే లైనేనా అన్నారు. పెద్ద సంస్థల్లో ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించేవాటికి ఏటా స్వతంత్ర ఆడిట్ తప్పనిసరి, కాబట్టి పని ఉంటుంది. అయితే ఉన్నమాట చెప్పాలి. విశాఖలో దీనికోసమే పెట్టిన ఉద్యోగాలు తక్కువ. ఇక్కడ సీఏ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, రుషికొండ కంపెనీల్లో వేరే పనితో కలిపి చేస్తారు. రెండు మూడేళ్ల తర్వాత హైదరాబాదో బెంగళూరో వెళ్లడానికి ఇంట్లో అభ్యంతరం ఉంటే అది ఇప్పుడే మాట్లాడుకోండి.

కోర్సుకి డబ్బు ఇప్పుడే కట్టకండి. చట్టంలో ఉన్నవి 44 సెక్షన్లే, నిబంధనలు కూడా పెద్దవి కావు, రెండూ ప్రభుత్వ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒక నెల చదివించండి. ఆరు నెలలు పని చేశాక డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే డీఎస్‌సీఐ వాళ్ల ప్రైవసీ సర్టిఫికెట్ ఆలోచించవచ్చు. కంప్యూటర్ వ్యవస్థల ఆడిటర్లకిచ్చే సర్టిఫికెట్‌గా అందరూ చెప్పే సీఐఎస్ఏకి పరీక్ష ముందే రాయవచ్చు గానీ, సర్టిఫికెట్ చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్ల అనుభవం చూపాలి, అందులో కొంత మాత్రం చదువును బట్టి మినహాయిస్తారు. 'చేరిన వెంటనే సీఐఎస్ఏ' అని చెప్పే కోచింగ్ సెంటర్లకు దూరంగా ఉండండి.

చేరేముందు ఆ ఆఫీసువాళ్లని మీ అమ్మాయి రెండు విషయాలు అడగాలి. ట్రైనీని క్లయింటు షాపుకి పంపిస్తారా, లేక ఆఫీసులో కూర్చుని చెక్‌లిస్ట్‌లో టిక్కులు పెట్టిస్తారా? పాలసీలు, ఫారాలు రాసి ఇచ్చేదీ వాళ్లే, ఆడిట్ చేసేదీ వాళ్లేనా? రెండోదానికి అవునంటే, తను రాసే లోపాలు తన ఆఫీసువాళ్లవే అవుతాయి, రిపోర్టులో ఒక్కటీ మిగలదు. అలాంటిచోట స్టైపెండ్ ఎక్కువిచ్చినా నేనైతే వద్దంటాను.