గొలుసు కథ రాస్తున్న మేనల్లుడికి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. చెల్లెలి పెళ్లి ఖర్చులకని తండ్రి తాకట్టు పెట్టిన అమ్మ గొలుసును, కందుకూరులో గుమాస్తాగా పనిచేసే కొడుకు నాలుగేళ్లు డబ్బు కూడబెట్టి విడిపించుకు రావడం నాకు నచ్చింది. కానీ ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో నగల అప్పుల కౌంటరులో కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ నాలుగేళ్లను నువ్వు రాసిన తీరు మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

నీ కుర్రవాడు జీతంలో మిగిలిన డబ్బును ఇంట్లో డబ్బాలో వేస్తూ, అది నిండిన రోజున బ్యాంకుకు వెళ్లి గొలుసు తెచ్చుకున్నాడు. అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే నగల అప్పుకు, నీ కథ మొదలయ్యే 2017లో గడువు పన్నెండు నెలలకు మించేది కాదు. గడువు దాటితే నోటీసు వస్తుంది. దానికీ కదలకపోతే పత్రికలో ప్రకటన వేసి గొలుసును వేలం వేస్తారు. అంటే నీ కథలో డబ్బా సగం కూడా నిండకముందే ఆ గొలుసు వేరెవరి చేతికో పోయి ఉండాలి. గొలుసు నాలుగేళ్లు తాకట్టులో నిలిచిందంటే, ఏటేటా ఎవరో ఒకరు వెళ్లి వడ్డీ కట్టి, అప్పును తిరగరాసి ఉండాలి. నీ కథకు కావలసిన సన్నివేశాలన్నీ ఆ తిరగరాసే రోజుల్లోనే ఉన్నాయి.

కథలో అంకెలన్నీ చెప్పనవసరం లేదు గాని, రాసేవాడికి తెలిసి ఉండాలి. గొలుసు మూడు సవర్లు, అంటే 24 గ్రాములు అనుకుందాం. మట్టీ అతుకూ పోను నికరం 23 గ్రాములుగా, నగకు విలువ కట్టే అప్రైజరు రాస్తాడు. 2017 మే నెలలో గ్రాము 2,700 చొప్పున లెక్క కడితే దాని విలువ 62,100 రూపాయలు. అందులో నూటికి 75 వంతులకు మించి అప్పు ఇవ్వకూడదన్నది అప్పటి రిజర్వు బ్యాంకు నిబంధన కాబట్టి, తండ్రి చేతికి 45,000 వచ్చిందనుకో. వడ్డీ నూటికి నెలకు రూపాయి. కుర్రవాడు నెలకు 1,200 చొప్పున ఏడాదికి 14,400 మిగల్చగలిగితే, మొదటి ఏడు వడ్డీకే 5,400 పోయి అసలు 36,000కు దిగుతుంది. రెండో ఏటికి 25,920, మూడో ఏటికి 14,630, నాలుగో ఏటికి రెండు వేల లోపు మిగులుతుంది. నువ్వు అనుకున్న నాలుగేళ్లు లెక్కకు సరిగ్గా అతుకుతాయి. అదే గొలుసును రెండు రూపాయల వడ్డీకి బయట కొట్టులో పెట్టి ఉంటే, మొదటి ఏడు 14,400లో 10,800 వడ్డీకే పోయేది. బ్యాంకా కొట్టా అన్నది కథలో ముందే తేల్చు, ఎందుకంటే కుర్రవాడి నాలుగేళ్లు ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

తండ్రి మొదటి ఏడాదిలోనే చనిపోయాడని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయావు. అప్పు తండ్రి పేరు మీద ఉన్నప్పుడు, కొడుకు చీటీ పట్టుకుని వచ్చినంత మాత్రాన మేము గొలుసు ఇవ్వం. మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం కావాలి, వారసులందరూ వచ్చి సంతకాలు పెట్టాలి. ఆ తర్వాతే తండ్రి పేరున ఉన్న అప్పు మూసి, అదే గొలుసు మీద కొడుకు పేరున మిగిలిన 36,000కు కొత్త అప్పు రాస్తాం. అంటే 2018 మే నెలలో ఒక ఉదయం అమ్మ, కొడుకు, కనిగిరిలో కాపురం ఉంటున్న చెల్లెలు ముగ్గురూ కౌంటరు ముందు నిలబడాలి. తన పెళ్లి కోసమే పోయిన గొలుసు గురించి తన సంతకం అడిగినప్పుడు ఆ పిల్ల ఏమంటుంది? వెంట వచ్చిన అల్లుడు వాటా మాట ఎత్తుతాడా, లేక అమ్మేసి అప్పు తీర్చేద్దామంటాడా? నా కౌంటరు ముందు ఈ రెండు మాటలూ చాలాసార్లు విన్నాను. ఏ మాటా లేకుండా సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండానే తిరిగి ఇచ్చేసి బయటికి వెళ్లిపోయిన ఆడపిల్లలను కూడా చూశాను. నీ కథకు ఏది సరిపోతుందో నువ్వే నిర్ణయించు, కానీ ఆ ఉదయాన్ని వదిలిపెట్టవద్దు.

మూడోసారి తిరగరాయడానికి వచ్చేది 2020 మే నెలలో. అప్పటికి బంగారం గ్రాము నాలుగు వేలు దాటింది. కుర్రవాడు వడ్డీతో కలిపి 29,000 బాకీ ఉన్నాడు, అదే గొలుసు మీద బ్యాంకు దాదాపు 69,000 ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఒక్క సంతకం పెడితే పాత బాకీ పోను నలభై వేలు చేతికి వస్తాయి. లాక్‌డౌన్‌లో జీతం సగమే వచ్చిన ఇంటికి ఆ నలభై వేలు ఏమిటో నీకు చెప్పనవసరం లేదు. గొలుసులు పోగొట్టుకున్నవారిలో చాలామంది కట్టలేక పోగొట్టుకోలేదు, ధర పెరిగిన ప్రతిసారీ ఇంకాస్త తీసుకుంటూ పోయి చివరికి కట్టలేనంత బరువు చేసుకున్నారు. నువ్వు కుర్రవాడి పట్టుదలను రెండు పేరాల్లో పొగిడావు. ఆ పొగడ్త తీసేసి, ఈ రోజున అతన్ని కౌంటరు ముందు ఒక పావుగంట నిలబెట్టు.

అన్నిటికన్నా నన్ను ఆపిన చోటు ఇంకొకటి ఉంది. అమ్మ మెడలో ఏముందో నువ్వు ఎక్కడా రాయలేదు. మన వైపు సూత్రాల గొలుసు తాకట్టు పెట్టేటప్పుడు సూత్రాలు, నల్లపూసలు తీసి పసుపు తాడుకు గుచ్చుకుని, ఉత్త గొలుసునే తెస్తారు. పసుపు తాడు చూడగానే గొలుసు ఎక్కడుందో వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. ఆమె కొంగు మెడ చుట్టూ కప్పుకుని బోరింగు దగ్గరికి వెళుతుంది. అయితే నీ కథలో తండ్రి మొదటి ఏడే పోయాడు కాబట్టి ఆ తాడు కూడా తీసేశారు. మిగిలిన మూడేళ్లూ కొడుకు విడిపించాలనుకుంటున్నది, అమ్మ మళ్లీ సూత్రాలు గుచ్చుకుని వేసుకోలేని గొలుసును. నువ్వు చివరి పేజీలో ఆమె గొలుసు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుందని రాశావు. అక్కడ కలం ఆపి ఆలోచించు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంటుందా, బియ్యం డబ్బాలో దాస్తుందా, కూతురికి కబురు పంపుతుందా?

కవరు విప్పగానే గొలుసు కొత్తదానిలా తళతళలాడిందని కూడా రాశావు. తాకట్టు నగను మేమెవరం కడగం. తిరగరాసినప్పుడల్లా కవరు విప్పి, తూకం వేసి, గీటురాయి మీద గీసి చూసి, మళ్లీ సీలు వేసి లోపల పెడతాం, అంతే. పెట్టిన రోజు మెడనుంచి తీసిన మట్టి, చెమట అలాగే ఉంటాయి. లింకుల సందుల్లో ఎండిపోయిన పసుపు ఉంటుంది. ఆ పసుపు ఆమె భర్త బతికున్న రోజుల నాటిది, కుర్రవాడు సంతకం పెట్టి తూకం చూసుకుంటున్నప్పుడు అది అతని వేళ్లకు అంటుతుంది. ఇంటికి తీసుకువెళ్లే ముందు గొలుసును మెరుగు పెట్టించాలా వద్దా అన్నది అతను అక్కడే తేల్చుకోవాలి.

ఆ ఒక్క సన్నివేశం తిరగరాసి ముందుగా నాకు పంపు. మిగతా కథ తర్వాత చూద్దాం. అక్కయ్యను అడిగినట్లు చెప్పు.

ఇట్లు,
మామయ్య